డో కదలాలా, వద్దా?

మన పాటగాళ్లు ఒకటో శ్రుతిలో పాడినా, ఐదున్నరలో పాడినా ఆధార షడ్జం ‘స’యే. పాశ్చాత్య సంగీతంలోని డో రే మి ఫా సోల్ లా విషయంలో ఇంత ఏకాభిప్రాయం లేదు. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో డో అంటే కీబోర్డు మీది ‘సి’ మెట్టు, ఇంకేదీ కాదు. దీన్ని స్థిర డో అంటారు. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో సారా గ్లోవర్, జాన్ కర్వెన్, ఆ తర్వాత హంగేరీలో జోల్తాన్ కొడాయ్ బాటలో నడిచినవాళ్లు పాట ఏ శ్రుతిలో ఉంటే అక్కడికే డోను జరుపుకున్నారు. ఇది చర డో.

తేడా తెలియాలంటే పిల్లలందరికీ వచ్చిన ‘ట్వింకిల్ ట్వింకిల్’ చాలు. ‘సి’ మేజర్‌లో, అంటే మన శంకరాభరణాన్ని ఒకటో శ్రుతిలో పాడినట్టు, రెండు పద్ధతుల్లోనూ మొదటి పాదం డో డో సోల్ సోల్ లా లా సోల్, రెండోది ఫా ఫా మి మి రే రే డో. అదే పాటను రెండో శ్రుతికి, అంటే ‘డి’ మేజర్‌కు ఎత్తితే చర డో పిల్లవాడు మళ్లీ అవే మాటలు పాడతాడు. స్థిర డో పిల్లవాడు మాత్రం రే రే లా లా సి సి లా, సోల్ సోల్ ఫా ఫా మి మి రే అనాలి.

ఇక్కడే అసలు చిక్కు. ఆ ‘ఫా’ నిజానికి ఫా షార్ప్, నల్ల మెట్టు. వాడుకలో ఉన్న స్థిర పద్ధతిలో దానికి వేరే పేరుండదు. పిల్లవాడు పొరపాటున తెల్ల మెట్టు ఫా పలికినా నోట మాట సరిగ్గానే ఉంటుంది కాబట్టి, టీచరు చెవిని మాత్రమే నమ్ముకోవాలి. పైగా ‘సి’ మేజర్‌లో సోల్ నుంచి ఫాకు పూర్తి మెట్టు దూరం, ‘డి’ మేజర్‌లో అర మెట్టే. చర డోలో ఫా, మిల మధ్య ఎప్పుడూ అర మెట్టే. అందుకే పేరు తలచుకోగానే దూరం గొంతులోకి వచ్చేస్తుంది.

చర డో తడబడేది పాట మధ్యలో శ్రుతి మారినప్పుడు. ‘సి’ మేజర్ నుంచి ‘జి’ మేజర్‌కు వెళ్లే పాటలో సోల్ అన్న స్వరాన్నే ఒకచోట డో అని పిలవాలి. ఎక్కడ మార్చాలో తెలియని విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. షోన్‌బర్గ్ రాసిన అటోనల్ రచనల్లోనైతే ఆధార స్వరమే ఉండదు కాబట్టి డోకు చోటే లేదు. కాగితం మీది ప్రతి స్వరానికీ ఒకే పేరు పెట్టి చదివే స్థిర డో అలాంటి చోట బాగా పనికొస్తుంది.

నా మటుకు మొదటి ఏళ్లలో చర డోయే మేలు. పాడటం అంటే ఆధార స్వరంతో సంబంధాన్ని పట్టుకోవడమే కదా! పిల్లలకు అది వంటబట్టిందో లేదో చూడాలంటే, వాయిద్యం పక్కన పెట్టి, తెలిసిన పాటనే కొత్త శ్రుతిలో స్వరాలతో పాడమనాలి. ఫ్రెంచి తరగతిలో ఈ పద్ధతి పెట్టడం అంత తేలిక కాదు. అక్కడ డో అనేది ‘సి’ మెట్టుకు రోజూ వాడే పేరు కాబట్టి, పాటలో ఆధార స్వరం ఏదో చెప్పడానికి టీచర్లు అంకెలనో, ‘టానిక్’ వంటి మాటలనో వాడుకోవలసి వస్తుంది.