జెట్టీ పైలుకు తుప్పు ఎక్కడ పట్టింది?

పడవలో జెట్టీ కిందికి వెళ్తే కాంక్రీటు పైళ్ల మీద ఒక గీత కనిపిస్తుంది. గీత కింద నాచు, గుల్లలు. పైన అలలు తడిపి వదిలే మీటరు, రెండు మీటర్ల మేర తుప్పు చారలు, నిలువు పగుళ్లు. సుత్తితో తడితే డొల్ల మోత. లోపలి చువ్వల సంగతి చెప్పేది హాఫ్‌సెల్ పరీక్ష.

పరికరం చిన్నదే. గొట్టంలో మైలుతుత్తం ద్రావణం, అందులో రాగి కడ్డీ, కొసన తడి స్పాంజి. ఒకచోట పెచ్చు తీసి చువ్వకు వైరు తగిలిస్తారు. దాన్ని వోల్టుమీటరుకు కలిపి, పైలు పొడవునా స్పాంజి ఆనిస్తూ రీడింగులు రాస్తారు. చువ్వలన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే అంకెలకు అర్థం ఉండదు. మైనస్ 200 మిల్లీవోల్టుల కంటే రుణాత్మకం కాకపోతే తుప్పు లేకపోవడానికి 90 శాతానికి పైగా అవకాశం. మైనస్ 350 దాటితే తుప్పుకు అంతే అవకాశం. మధ్యలో ఉంటే ఏదీ తేల్చలేం.

తప్పులు దొర్లేది ఇక్కడే. ఒక పైలు పైభాగంలో మైనస్ 180, అలలు తాకేచోట మైనస్ 420, నీటి అడుగున మైనస్ 800 వచ్చాయనుకుందాం. పట్టిక మాత్రమే చూసేవారు అడుగునే ప్రమాదమంటారు. నిజానికి అక్కడ కాంక్రీటు నీటితో నిండి, ఆక్సిజన్ అందక వోల్టేజీ పడిపోతుంది. ఉప్పు ఉన్నా తుప్పు నెమ్మదే. అలల తాకిడిలో ఉప్పు, తేమ, గాలి మూడూ దొరుకుతాయి.

అందుకే క్లోరైడు లెక్క కూడా కావాలి. 20 మిల్లీమీటర్లకొకసారి డ్రిల్లుతో పొడి తీసి, ఆమ్లంలో కరిగించి కొలుస్తారు. మన పైలులో చువ్వ 75 మిల్లీమీటర్ల లోతున ఉంది. అలలు తాకేచోట 60–80 పొరలో కాంక్రీటు బరువులో 0.11 శాతం క్లోరైడు తేలింది. ఘనమీటరు కాంక్రీటు 2400 కిలోలు, అందులో సిమెంటు 400 అయితే, అది సిమెంటు బరువులో 0.66 శాతం. తుప్పు మొదలయ్యే హద్దుగా సాధారణంగా 0.4 తీసుకుంటారు. రెండు పరీక్షలూ ఒకే చోటును చూపించాయి.

ఇక మరమ్మతు. ఊడిన పెచ్చులు తీసి కొత్త కాంక్రీటు మెత్తితే చూపుకు బాగుంటుంది. కానీ చుట్టూ ఉప్పెక్కిన పాత కాంక్రీటు అలాగే ఉంటుంది కాబట్టి, అతుకు అంచుల వెంట కొత్తగా తుప్పు మొదలవుతుంది. ఇంత ఉప్పు చేరాక పైపూత కూడా ఆలస్యమే. ఫ్లోరిడా వంతెనల్లో పైలు చుట్టూ జింకు వల ఉన్న తొడుగు వేసి, నీటి అడుగున జింకు దిమ్మ తగిలించారు. చువ్వకు బదులు జింకు కరుగుతుంది. అది అరిగాక మార్చాలి. జెట్టీ పెద్దదై, కరెంటు నమ్మకంగా ఉండి, చూసుకునే మనుషులుంటే బయటి నుంచి కరెంటు పంపే పద్ధతి మేలు.

ఏది ఎంచుకున్నా వైరును బయట పెట్టెలోకి తెచ్చి ఉంచాలి. దాన్ని విడదీశాక 24 గంటల్లో రీడింగు కనీసం 100 మిల్లీవోల్టులు ధనాత్మకం వైపు జరిగితే, చువ్వకు రక్షణ అందుతున్నట్టు లెక్క.