పొడి రాలితే పుచ్చు, మట్టి గీత కడితే చెద

కొత్త ఇంట్లో వార్డ్‌రోబ్ చేయించి ఏడాది తిరగకముందే కింది అరలో సన్నని పిండి లాంటి పొడి కనిపిస్తుంది. చెద పట్టిందని కంగారుపడి మందు కొట్టేవాళ్లను పిలుస్తాం. వాళ్లు గోడ వారన నేలలో రంధ్రాలు వేసి మందు పోసి వెళ్తారు. కొన్నాళ్లకు పొడి మళ్లీ రాలుతుంది. కారణం, అది చెద కాదు, వడ్రంగులు బోరర్ అనే పుచ్చు పురుగు. రెండూ చెక్కనే తింటాయి కానీ ఇంట్లోకి వచ్చే దారి వేరు, వైద్యమూ వేరు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే చెద నేలలోంచి వస్తుంది. దాని ఒళ్లు మెత్తన. గాలి తగిలితే ఎండిపోతుంది కాబట్టి మట్టితో సన్నని సొరంగం కట్టుకుంటూ గోడ పగులు వెంటో, కరెంటు పైపు వెంటో, గుమ్మం చట్రం వెనకగానో చెక్కను చేరుతుంది. అది తిన్నచోట పొడి రాలదు, లోపల మట్టి నిండుతుంది. తట్టి చూస్తే బోలు చప్పుడు వస్తుంది. తొలకరికి ఇంట్లోనే ఉసిళ్లు లేచినా, కిటికీ దగ్గర వాటి రెక్కలు రాలి ఉన్నా పుట్ట దగ్గర్లోనే ఉందని అనుమానించాలి.

పుచ్చు పురుగు దారి ఇది కాదు. తల్లి పురుగు చేవ లేని తెల్లచెక్క సందుల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ఆ చెక్కలోని పిండిపదార్థం తింటూ నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా లోపలే పెరుగుతుంది. చివరికి గుండుసూది తలంత గుండ్రని రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. మనకు పొడి కనిపించేది చాలావరకు అప్పుడే. అంటే పురుగు కొత్తగా రాలేదు, చెక్కతోపాటే వచ్చింది. పైన అంటించిన లామినేట్ దాన్ని ఆపలేదు, దానికీ కన్నం పెడుతుంది.

కాబట్టి పుచ్చును ఆపాల్సింది లామినేట్ అంటించక ముందే. ప్లైవుడ్ మీద బాయిలింగ్ వాటర్‌ప్రూఫ్ అని ఉంటే దాని జిగురు నీటికి ఊడదని అర్థం. ఆ మాట ఒక్కటే పురుగు పట్టదనే హామీ కాదు. పొరలకు గానీ జిగురులో గానీ పురుగు మందు కలిపారా అని దుకాణంలో అడిగి, బోరర్ గ్యారంటీని బిల్లు మీద రాయించుకోవాలి. మంచి ప్లైవుడ్ కొన్నా, సందులు పూడ్చడానికి వాడే రీపర్లు, బీడింగులు మందు తగలని మామూలు చెక్కవైతే అక్కడి నుంచే పుచ్చు మొదలవుతుంది.

డబ్బా బిగించాక, రంగూ లామినేటూ పడకముందు, కోసిన అంచులకు, వీపుకు, అడుగుకు బోరాన్ కలిసిన చెక్క మందు రెండు పూతలు వేయించాలి. పచ్చి చెక్క మీదే మందు ఇంకుతుంది. పూర్తిగా ఆరాకే లామినేట్ అంటించాలి. బోరాన్ నీటికి కరిగిపోతుంది కనుక తడి గోడ పక్కన దాన్ని నమ్ముకోలేం.

ఒక ఇల్లు ఉదాహరణగా తీసుకుందాం. కింది అంతస్తు ఫ్లాటు. బాత్రూమ్ గోడకు ఆనించి వార్డ్‌రోబ్ ఉంది. అరలో పొడి రాలుతోంది, గోడ మూలన మట్టి గీత కూడా ఉంది. అంటే రెండూ ఉన్నాయి. ముందు బాత్రూమ్ లీకు బాగుచేయించాలి, ఎందుకంటే తేమ ఉన్నంతకాలం చెద వస్తూనే ఉంటుంది. ఆ తర్వాత గోడ, నేల కలిసేచోట అడుగుకొక రంధ్రం చొప్పున వేసి మందు ఎక్కించి మూయించాలి. మట్టి గీతను కాస్త విరిచి చూడొచ్చు. కొన్ని రోజుల్లో మళ్లీ కట్టిందంటే చెద ఇంకా బతికే ఉంది.

ఇక పుచ్చు. కనిపించిన ప్రతి రంధ్రం చుట్టూ పెన్సిల్‌తో గీసి, పొడి తుడిచి, కింద నల్ల కాగితం పరవాలి. వారం పది రోజుల్లో కొత్త పొడి గానీ, గీత లేని కొత్త రంధ్రం గానీ కనిపిస్తే పురుగు లోపల ఉన్నట్టే. రంధ్రాల్లోకి సిరంజితో బోరర్ మందు ఎక్కించి మైనంతో మూయాలి. ఒకసారితో ఆగదు, ఎందుకంటే లోపలున్న పిల్ల పురుగులన్నింటికీ మందు అందదు. ఏడాదిపాటు గమనిస్తూ ఉండాలి. ఒక పలకంతా జల్లెడైతే మందు మీద ఖర్చు దండగ, ఆ పలకనే మార్చాలి.

కిరసనాయిలు పూస్తే పైనున్నవే చస్తాయి. ధాన్యంలో పెట్టే మాత్రలను మాత్రం అలమరాల్లో ఎప్పుడూ పెట్టకూడదు. వాటి నుంచి వచ్చే విషవాయువు పక్క గదిలో నిద్రపోయేవాళ్ల ప్రాణాలు కూడా తీయగలదు.