అరబ్బీ విభక్తి, ఆయత్ అర్థం: వజూ ఆయత్‌లోని ఒక అచ్చు

అరబ్బీలో నామవాచకం చివర పలికే హ్రస్వ అచ్చు ఆ పదానికి వాక్యంలో ఉన్న స్థానాన్ని తెలుపుతుంది. కర్తకు 'ఉ' వస్తుంది, దీనిని రఫ్అ అంటారు. కర్మకు 'అ' వస్తుంది, ఇది నస్బ్. విభక్త్యర్థక అవ్యయం తరువాత వచ్చే పదానికి 'ఇ' వస్తుంది, ఇది జర్ర్. ఈ మార్పులన్నింటినీ కలిపి 'ఇఅరాబ్' అంటారు. తెలుగులో 'ను', 'కు', 'తో' వంటి ప్రత్యయాలు చేసే పనిని అక్కడ ఒక్క అచ్చు చేస్తుంది. తొలినాటి ప్రతులలో హ్రస్వ అచ్చులకు గుర్తులు ఉండేవి కావు. అందువల్ల ఒకే అక్షరాలను రెండు విధాలుగా పఠించడానికి వీలు కలిగింది. దీని ఫలితాన్ని ఖురాన్ 5వ సూరా (అల్-మాయిదా) 6వ ఆయత్‌లో చూద్దాం.

1. సమస్య ఎక్కడ ఉంది?

ఈ ఆయత్ నమాజుకు ముందు చేసే వజూను వివరిస్తుంది. ఇందులో రెండు క్రియలు, నాలుగు అవయవాలు ఉన్నాయి. మొదటి క్రియ 'కడగండి'. దాని తరువాత వచ్చే ముఖాలు (వుజూహకుమ్), చేతులు (ఐదియకుమ్) కర్మలు కనుక నస్బ్‌లో ఉన్నాయి. రెండవ క్రియ 'తడి చేతితో తుడవండి'. దీని తరువాత 'బి' అనే అవ్యయం ఉన్నందున తలలు అనే పదం (రుఊసికుమ్) జర్ర్‌లో ఉంది. చివరిది పాదాలు. మూడు పదాలలోనూ 'మీ' అనే అర్థమిచ్చే 'కుమ్'కు ముందున్న అచ్చును గమనించండి. విభక్తిని తెలిపేది అదే.

పాదాలు అనే పదానికి రెండు పఠనాలు ఉన్నాయి. నాఫిఅ, ఇబ్న్ ఆమిర్, కిసాయీ, ఆసిమ్ శిష్యుడైన హఫ్స్ 'అర్జులకుమ్' అని చదివారు. ఇబ్న్ కసీర్, అబూ అమ్ర్, హమ్‌జా, ఆసిమ్ మరో శిష్యుడైన షుఅబా 'అర్జులికుమ్' అని చదివారు. రెండూ ప్రామాణిక పఠనాలే.

2. వ్యాకరణం చెప్పేది

'అర్జులకుమ్' అని చదివితే ఆ పదం ముఖాలు, చేతులతో చేరుతుంది. అంటే పాదాలను కడగాలి. సున్నీ న్యాయశాఖల వాదానికి ఇది ఆధారం. 'అర్జులికుమ్' అని చదివితే అది పక్కనే ఉన్న తలలతో చేరుతుంది. అంటే పాదాలను తుడవాలి. ఇమామీ షియాల ఆచారం ఇదే.

అయితే రెండు పక్షాలూ ఎదుటివారి పఠనాన్ని కూడా వివరించవలసి వచ్చింది. షియా పండితుల ప్రకారం, 'తలలు' రూపంలో జర్ర్ అయినా అర్థంలో 'తుడవండి' అనే క్రియకు కర్మయే. ఆ కర్మస్థానాన్ని అనుసరించి పాదాలకు నస్బ్ రావచ్చు. కనుక 'అ' పలికినా అర్థం తుడవడమే.

సున్నీ పండితులలో కొందరు 'పొరుగు ప్రభావం' అనే సూత్రాన్ని చూపారు. ఒక పదం అర్థరీత్యా వేరొక దానికి చెందినా, పక్కనున్న పదపు అచ్చును తీసుకుంటుంది. ఉడుము బొరియ శిథిలమైందని చెప్పేటప్పుడు 'శిథిలమైన' అనే విశేషణం బొరియకు చెందినా, కొందరు అరబ్బులు దానికి ఉడుము పదపు విభక్తినే చేర్చి పలికేవారు. కానీ ఆ ఉదాహరణలో 'మరియు' అనే అర్థమిచ్చే 'వ' లేదు, ఆయత్‌లో ఉంది. ఈ కారణంగా పలువురు వైయాకరణులు ఈ వివరణను అంగీకరించలేదు. జర్ర్ పఠనం తోలు మేజోళ్లపై తుడవడాన్ని సూచిస్తుందని మరికొందరు సున్నీ పండితులు అన్నారు.

3. అలంకారశాస్త్రం చేర్చేది

వాక్యం ఆ రూపంలోనే ఎందుకు ఉందని అడిగేది బలాగత్, అంటే అలంకారశాస్త్రం. 'అల్-కష్షాఫ్' వ్యాఖ్య రాసిన జమఖ్‌షరీ (మరణం 1144) జర్ర్ పఠనాన్ని ఈ దృష్టితో వివరించాడు. పాదాలను నీరు పోసి కడుగుతారు, అక్కడ నీటి వృథాకు అవకాశం ఎక్కువ. అందుకే వాటిని తుడిచే అవయవం పక్కన చేర్చి, పొదుపుగా వాడమని సూచించారు. తుడవడమే ఉద్దేశమని పొరబడకుండా 'చీలమండల వరకు' అనే హద్దు పెట్టారు. కడగవలసిన చేతులకు 'మోచేతుల వరకు' అని హద్దు ఉంది, తుడవవలసిన తలకు ఏ హద్దూ లేదు.

ఈ వాదానికీ పరిమితి ఉంది. తుడిచే పనికి హద్దు పెట్టకూడదని వ్యాకరణం ఎక్కడా చెప్పదు. చీలమండల వరకు తుడవమనే అర్థం కూడా వాక్యంలో ఇముడుతుంది.

4. ముగింపు

ఇక్కడ ఇఅరాబ్ సాధ్యమైన అర్థాలను రెండుకు కుదించింది, కానీ వాటిలో ఒకదాన్ని ఎంచలేదు. ఆ ఎంపికకు సున్నీలు ప్రవక్త ఆచారాన్ని, తడవని మడమల గురించి హెచ్చరించే హదీసును ఆధారం చేసుకున్నారు. షియాలు తమ ఇమాముల ఉల్లేఖనాలను ఆధారం చేసుకున్నారు. కనుక ఒక వ్యాఖ్యానాన్ని చదివేటప్పుడు అందులో ఏ భాగం వ్యాకరణం నుండి, ఏది అలంకారశాస్త్రం నుండి, ఏది సంప్రదాయం నుండి వచ్చిందో వేరు చేసి చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

'అర్జులకుమ్' అనే పఠనాన్ని అంగీకరిస్తూనే పాదాలను తుడవాలని షియా పండితులు ఎలా వాదించారు? ఐదు వాక్యాలలో రాయండి.