మెరుపు మచ్చ కింద అక్షరం

పాత దస్తావేజు చిరిగిపోతుందేమోనని లామినేషన్ చేయించినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. చిక్కల్లా దాన్ని ఫోనుతో ఫొటో తీసి, చూసి ఎత్తిరాసేవారికి పంపినప్పుడు వస్తుంది. సరిగ్గా హద్దులు రాసిన చోటే ట్యూబ్‌లైటు తెల్లటి బద్దలా పడి ఉంటుంది. ‘తూర్పు’ దాకా చదవగలం, ఆ తర్వాత ఎవరి చేనో తెలియదు. మచ్చ పూర్తిగా తెల్లబడిన చోట సిరా ఫొటోలోకి ఎక్కనే లేదు కాబట్టి, తర్వాత ఎడిటింగ్‌లో వెలుగు ఎంత తగ్గించినా అక్షరం బయటపడదు.

కాగితం తన మీద పడిన వెలుతుర్ని అన్ని వైపులకూ చెదరగొడుతుంది. దాని మీది నున్నటి ప్లాస్టిక్ అలా కాదు, అద్దంలాగా వచ్చిన కోణంలోనే అవతలికి తిప్పికొడుతుంది. అంటే ఆ మచ్చ దీపం తాలూకు ప్రతిబింబమే. ఫొటో తీసే ముందు ఒక చేతి అద్దాన్ని కాగితం మీద పడుకోబెట్టి, లెన్సు ఉండబోయే చోట కన్ను పెట్టి చూడండి. అద్దాన్ని నాలుగు మూలలకూ జరుపుతూ చూస్తే ఏ దీపం, ఏ కిటికీ ఫొటోలో మచ్చ కాబోతోందో ముందే దొరికిపోతుంది.

ఒక లెక్క చూద్దాం. అడుగు పొడవున్న లామినేటెడ్ కాగితం నేల మీద ఉంది, ఫోను దానికి తిన్నగా 2 అడుగుల ఎత్తున ఉంది, పైకప్పు 10 అడుగుల ఎత్తున ఉంది. అప్పుడు కాగితం పొడవు వెంబడి, నడినెత్తి నుంచి అటూ ఇటూ 3 అడుగుల మేర పైకప్పు ఆ ప్లాస్టిక్‌లో కనిపిస్తుంది. ఆ మేరలో ఏ దీపమున్నా మచ్చ తప్పదు. ఫోనును 4 అడుగులకు పెంచి 2x జూమ్ పెడితే ఆ మేర ఒక్కో వైపు 2 అడుగుల లోపుకు తగ్గుతుంది. కాస్త దూరంగా జరిగి తీయమనడంలో కిటుకు ఇదే. అంత ఎత్తున చేయి వణుకుతుంది కాబట్టి ఫోనును దేనికైనా ఆనించి టైమర్ వాడాలి.

ఇంకా గట్టి ఉపాయం నల్ల చార్టు. దుకాణంలో దొరికే పెద్ద చార్టుకు మధ్యలో లెన్సు పట్టేంత రంధ్రం చేసి, అందులోంచి తీయాలి. లెన్సు ఎత్తున అయితే ప్లాస్టిక్‌లో కనిపించే మేర కాగితానికి రెండింతలే, అంటే 2 అడుగులు. చార్టు దాన్ని కప్పేస్తుంది, దీపం బదులు నలుపు ప్రతిబింబిస్తుంది. వేసుకున్న తెల్ల చొక్కా, సున్నం వేసిన పైకప్పు కలిసి అక్షరాల మీద పరిచే పాలమీగడ లాంటి పొర కూడా పోతుంది. పెన్సిలు రాతను మింగేసేది ఎక్కువగా ఆ పొరే. వెలుతురు మాత్రం పక్కనున్న కిటికీ నుంచి ఏటవాలుగా రావాలి. ఫ్లాష్ ఆపేయాలి, అది లెన్సు పక్కనుంచే కొడుతుంది.

ఈ లెక్కలన్నీ ప్లాస్టిక్ చదునుగా ఉంటేనే. ఉపరితలం 10 డిగ్రీలు వంగితే ప్రతిబింబం 20 డిగ్రీలు పక్కకు పోతుంది. అందుకే మడతలు పడ్డ ఫైలు కవరులో, ఎక్కడో మూలనున్న కిటికీ కూడా పురుగుల్లాంటి తెల్ల గీతలుగా కనిపిస్తుంది. అంచుల మీద బరువులు పెట్టి చదును చేయండి. పైన గాజు పలక వేద్దామనుకుంటారు కొందరు, అది ఇంకో మెరిసే పొరను చేర్చడమే. కవరులోంచి కాగితం తేలిగ్గా జారి వస్తే తీసేయడం అన్నిటికన్నా మేలు. సిరా ప్లాస్టిక్‌కు అంటుకుని ఉంటే మాత్రం లాగకండి, అక్షరాలు కవరుతోనే పోతాయి. లామినేషన్‌నైతే ఊడదీసే ప్రయత్నమే వద్దు.

పోలరైజర్ ఫిల్టర్ కొనమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది ప్లాస్టిక్ నుంచి బాగా ఏటవాలుగా, 55 డిగ్రీల చుట్టుపక్కల, తిరిగొచ్చే మెరుపునే బాగా అడ్డుకుంటుంది. మనం కాగితాన్ని తిన్నగా పైనుంచి తీస్తాం, అక్కడ లెన్సు మీద ఫిల్టర్ ఒక్కటీ దాదాపు ఏమీ చేయలేదు. దీపాలకు కూడా పోలరైజింగ్ షీట్లు తగిలిస్తే మెరుపు పోతుంది కానీ, కొన్ని ప్లాస్టిక్‌ల మీద ఇంద్రధనుస్సు చారలు తేలతాయి. ఆ డబ్బుతో చార్టులు చాలానే వస్తాయి.

అప్పటికీ ఎక్కడో ఒక చార మిగిలితే ఫోనును కదపకుండా రెండు ఫొటోలు తీయండి. ఒకటి ఎడమ నుంచి వెలుతురు వచ్చేట్టు, రెండోది కుడి నుంచి. మచ్చ చోటు మారుతుంది, మొదటి దాంట్లో పోయిన సర్వే నంబరు రెండో దాంట్లో ఉంటుంది. ఫైళ్లకు 12-ఎ, 12-బి అని జంటగా పేర్లు పెట్టి రెండూ పంపాలి. పంపే ముందు ఫోనులోనే పెద్దది చేసి అంకెలున్న చోట్లు, సంతకాలు, పంక్తుల చివర్లు చూసుకోవాలి. అక్షరాల వెనక కాగితం రంగు, గరుకు కనిపిస్తుంటే సరే. ఎక్కడైనా గరుకు లేని నున్నటి తెలుపు ఉంటే, అక్కడ మళ్లీ తీయాల్సిందే.