లాభం 25 కోట్లే, విలువ మాత్రం కోటి: ఏడాది ఆలస్యం లెక్క

హైదరాబాద్ శివార్లలో ఒక బిల్డర్ అపార్ట్‌మెంట్ కడుతున్నాడనుకుందాం. స్థలానికి ఈ రోజే 20 కోట్లు చెల్లించాడు. నిర్మాణానికి మొదటి ఏడాది చివర 15 కోట్లు, రెండో ఏడాది చివర ఇంకో 15 కోట్లు పెడతాడు. కొన్నవాళ్ల వాయిదాలుగా రెండో ఏడాది చివర 30 కోట్లు, తాళాలిచ్చే మూడో ఏడాది చివర 45 కోట్లు వస్తాయి. పెట్టింది 50, వచ్చింది 75. లాభం 25 కోట్లు. అసలు ప్రాజెక్టులో డబ్బు నెలనెలా కదులుతుంది. లెక్క తేలిగ్గా అర్థం కావాలని ఏడాదికొక అంకె వేశాను.

ఇప్పుడు పని ఏడాది వెనకబడింది. రావలసిన 75 కోట్లూ వస్తాయి, కానీ ప్రతి వాయిదా ఒక్కో ఏడాది ఆలస్యంగా వస్తుంది. ఖర్చులు మాత్రం వేళకే అయిపోయాయి. కాగితం మీద లాభం ఇప్పటికీ 25 కోట్లే. ‘లాభమేమీ పోలేదు, కాస్త ఆలస్యంగా వస్తోందంతే’ అనే మాట వినపడేది ఇక్కడే. ఆ మాట ఎంత తప్పో ఎన్‌పీవీ, అంటే నికర వర్తమాన విలువ, చూపిస్తుంది.

ఈ బిల్డర్ తన డబ్బు మీద ఏడాదికి 15 శాతం రాబడి ఆశిస్తున్నాడు. కాబట్టి వచ్చే ఏడాది చేతికందే 115 రూపాయలు అతనికి ఇవాళ్టి 100 రూపాయలతో సమానం. భవిష్యత్తులో వచ్చే, పోయే ప్రతి రూపాయినీ ఇలా నేటి విలువకు దించి, రాబడిలోంచి ఖర్చు తీసేస్తే మిగిలేదే ఎన్‌పీవీ. అనుకున్నట్టు జరిగితే 50 కోట్ల ఖర్చు నేటి విలువలో 44.39 కోట్లు, 75 కోట్ల రాబడి 52.27 కోట్లు. ఎన్‌పీవీ 7.89 కోట్లు. అంటే ఆశించిన 15 శాతం పోను, పైన మిగిలే అసలు సంపద అది.

రాబడి మొత్తం ఏడాది జరిగితే 52.27ను 1.15తో భాగించాలి. వచ్చేది 45.45 కోట్లు. ఖర్చు మారలేదు. ఎన్‌పీవీ 1.07 కోట్లకు పడిపోయింది. రాబడి విలువ తగ్గింది 13 శాతమే, ఎన్‌పీవీ తగ్గింది 86 శాతం! ఆలస్యం లాభాన్ని మాత్రమే కొరికితే నష్టం దాదాపు కోటి రూపాయలే అయ్యేది. అది కొరికేది మొత్తం రాబడిని. 52 కోట్ల మీద 13 శాతం దాదాపు 6.82 కోట్లు, ఆ నష్టమంతా భరించాల్సింది మాత్రం 7.89 కోట్ల పలచటి పొర. ఇదే ఆలస్యం 14 నెలలు దాటితే ఆ పొర పూర్తిగా చిరిగిపోతుంది. రెండేళ్ల పాటు నిలిచిపోయిన ప్రాజెక్టులు ఎందుకు మళ్లీ లేవలేవో ఈ లెక్కలో కొంత కనిపిస్తుంది.

నిర్మాణం ఆగితే రాబడి ఎందుకు ఆగుతుంది? మన దగ్గర వాయిదాలు పనితో ముడిపడి ఉంటాయి. పునాది పడితే ఇంత, ప్రతి స్లాబ్‌కు ఇంత, గోడలకు, ఫినిషింగ్‌కు ఇంత అని ఒప్పందంలోనే రాసుకుంటారు. ఆరో స్లాబ్ పడకపోతే ఆ వాయిదాకు డిమాండ్ లెటర్ వెళ్లదు. వెళ్లినా, పని ఆ దశకు వచ్చిందని తేలనిదే బ్యాంకు గృహరుణంలో ఆ భాగం విడుదల చేయదు. చివర ఓసీ రాకపోతే ఆఖరి మొత్తం కదలదు. వసూలైన సొమ్ము కూడా పూర్తిగా బిల్డర్ చేతిలో ఉండదు. 2016 రెరా చట్టం ప్రకారం 70 శాతం విడి ఖాతాలో పడాలి, పని జరిగిన మేరకే అందులోంచి తీయాలి. కాబట్టి ఒక్క స్లాబ్ ఆగితే దాని వెనకున్న వాయిదాల వరుసంతా ఆగుతుంది.

లెక్కలు వేసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఒక చోట ఉంది. ఎక్సెల్ షీటులో ఆలస్యం చూపించడానికి ఖర్చులతో సహా అన్ని అంకెలనూ ఒక గడి కుడికి జరిపేస్తారు. అప్పుడు ఎన్‌పీవీ 6.86 కోట్లు వస్తుంది, తగ్గింది కోటేగా అనిపిస్తుంది. కానీ స్థలానికి కట్టిన 20 కోట్లు ఇప్పటికే వెళ్లిపోయాయి, వాటిని వచ్చే ఏడాదికి జరపడం ఎవరి తరమూ కాదు. అనుమతి రాక పని మొదలే కాకపోతే నిర్మాణ ఖర్చు మాత్రం నిజంగానే వెనక్కి జరుగుతుంది. అప్పుడు ఎన్‌పీవీ 4.25 కోట్లు. స్లాబులన్నీ పోశాక, డబ్బంతా కాంక్రీటులోకి వెళ్లాక పని ఆగితే 1.07 కోట్లు. ఏడాది ఒకటే అయినా, అది ఏ దశలో పోయిందన్నదాన్ని బట్టి నష్టం దాదాపు రెట్టింపవుతుంది. షీటు చూసేవాళ్లు స్థలం ఖర్చు సున్నా ఏడాదిలోనే ఉందా అని ముందు చూడాలి.

ఇంతవరకూ ఆలస్యం ఉచితంగా జరిగిందనుకున్నాం. నిజానికి సైటు ఆఫీసు, ఇంజనీర్లు, కాపలా, క్రేన్ అద్దె ఆగవు. అదనపు ఏడాదికి అది కోటిన్నర అనుకుంటే నేటి విలువలో దాదాపు 99 లక్షలు. మిగిలేది 8 లక్షలు. దానిపైన రెరా సెక్షన్ 18 ఉంది. గడువు దాటితే, ఫ్లాటు వద్దనుకోని కొనుగోలుదారుకు అప్పగించేవరకూ నెలనెలా వడ్డీ ఇవ్వాలి. తెలంగాణ నిబంధనల్లో ఆ రేటు ఎస్‌బీఐ గరిష్ఠ ఎంసీఎల్‌ఆర్‌కు 2 శాతం ఎక్కువ. 11 శాతం అనుకుని, అప్పటికి అందిన 30 కోట్ల మీద ఏడాదికి కట్టాల్సి వస్తే 3.30 కోట్లు. నేటి విలువలో 1.89 కోట్లు. ఎన్‌పీవీ సున్నా దాటి మైనస్‌లోకి, కోటీ 80 లక్షల దాకా దిగిపోతుంది. కాగితం మీద మాత్రం ఇప్పటికీ 20 కోట్ల పైన లాభం కనిపిస్తుంది.

బిల్డర్ తీసుకున్న అప్పు మీద వడ్డీని మళ్లీ దీనికి కలపకూడదు. డబ్బు ఖరీదంతా ఆ 15 శాతంలోనే ఉంది. కలిపితే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కించినట్టు.

‘ఈలోపు రేట్లు పెరుగుతాయిలే’ అన్న ఆశ గురించి కూడా చూడాలి. పోయిన 6.82 కోట్లు తిరిగి రావాలంటే మొత్తం అమ్మకాల విలువ 15 శాతం పెరగాలి. సగం ఫ్లాట్లు ముందే అమ్ముడైపోతే వాటి ధర ఒప్పందంలో ఖరారైంది. అప్పుడు మిగతా సగం 30 శాతం పెరగాలి. ముందే ఎక్కువ అమ్మేసిన బిల్డరుకు ధరల పెరుగుదల అందదు. నాకు ఇది ఈ వ్యాపారంలో అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునే ప్రమాదం అనిపిస్తుంది.

డెవలప్‌మెంటుకు స్థలం ఇచ్చిన యజమాని పరిస్థితి వేరు. అతను నిర్మాణానికి పైసా పెట్టడు. మూడేళ్ల తర్వాత అతని వాటా ఫ్లాట్ల విలువ 10 కోట్లనుకుందాం. 15 శాతం లెక్కన నేడు 6.58 కోట్లు. ఎవరో 6 కోట్లకు స్థలం నగదుగా కొంటానంటే వద్దని ఒప్పందం చేసుకోవడం సరైనదే. ఏడాది ఆలస్యమైతే అదే వాటా విలువ 5.72 కోట్లు, అమ్మేసి ఉంటే 28 లక్షలు మిగిలేవి. కానీ ఆ యజమాని బ్యాంకు డిపాజిట్లతో తృప్తిపడే మనిషైతే, 10 శాతం చాలనుకుంటే, ఆలస్యం తర్వాత కూడా వాటా విలువ 6.83 కోట్లు. ఒప్పందమే మేలు. రేటు ఎవరిది వారు వేసుకోవాలి, బిల్డర్ రేటు యజమానికి పనికిరాదు. ఒప్పందం చదివేటప్పుడు ఇంకొక సంగతి చూడాలి. ఆలస్యానికి అద్దె పరిహారం ఇస్తామన్న షరతు ఉన్నా, గడువు సంతకం రోజు నుంచి కాకుండా అనుమతి వచ్చిన రోజు నుంచి మొదలవుతుందని రాసి ఉండవచ్చు. అలాంటప్పుడు అనుమతికి ముందు పోయిన ఏడాది ఎవరి లెక్కలోకీ రాదు, యజమాని లెక్కలోకి తప్ప.