నాలుగో సవరణలో మిగిలిపోయిన బుధవారం

ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ట్యాంకు శుభ్రం చేయించడంపై మెయిల్ రాశారనుకుందాం. ‘12వ తేదీ గురువారం ఉదయం 9 నుంచి 1 వరకు నీళ్లు రావు. బుధవారం రాత్రే పట్టి పెట్టుకోండి.’ పనివాళ్లు రోజు మార్చడంతో ఆయన 12ను వెతికి 14 చేశారు, గురువారాన్ని శనివారం చేశారు. బుధవారం మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని నమ్మినవాళ్లు రెండు రోజులు ముందే బిందెలు నింపుకుంటారు.

తేదీని బట్టి మారే ఇలాంటి మాటలే సవరణల్లో ఎక్కువగా తప్పించుకుంటాయి, ఎందుకంటే 12 అని వెతికితే అవి దొరకవు. అందుకే తేదీ, వారం, వేళ, ముందురోజు, ఫోన్ నంబరు విడి కాగితంపై రాసుకోవాలి. ఎవరేం మార్చమన్నా ముందు ఆ కాగితం మార్చి, తర్వాత సబ్జెక్ట్ లైన్ నుంచి సంతకం దాకా ఒక్కొక్కటీ దానితో సరిచూడాలి.

స్వరం చెడేది వేరేలా. కోశాధికారి ‘గట్టిగా రాయండి’ అంటారు, అధ్యక్షుడు ‘మెత్తగా’ అంటారు. ఇద్దరి మాటా చెరో వాక్యంలో అతికిస్తే ‘దయచేసి సహకరించండి’ పక్కనే ‘ఫిర్యాదులు స్వీకరించబడవు’ వచ్చి కూర్చుంటుంది. మొదట వాళ్లిద్దరినీ ఒక మాట మీదకు తేవాలి. ఆ తర్వాత మెయిల్ మొత్తాన్నీ ఒకే మనిషి ఒకే కూర్చోలో తిరగరాసి, పైకి చదవాలి. అతుకు చెవికి ఇట్టే తెలుస్తుంది.

పాత మెయిల్ అప్పటికే వెళ్లిపోయి ఉంటే, కొత్తదాని మొదటి వాక్యంలోనే ‘12 కాదు, 14’ అని చెప్పాలి.