సగటు తప్పుదోవ పట్టించే చోట ర్యాంకుల లెక్క

రెండు గుంపుల అంకెల మధ్య కనిపించే తేడా నిజమైనదా, కాకతాళీయమా అని తేల్చడానికి ఎక్కువగా వాడే పద్ధతి టి-టెస్ట్. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించిన వ్యాసం దీనికి మూలం. ఇది రెండు గుంపుల సగటులను పోలుస్తుంది. అంకెలు సగటుకు అటూ ఇటూ దాదాపు సమంగా పరచుకుని ఉంటే ఇంతకన్నా మంచి సాధనం దొరకడం కష్టం. కొలత స్వభావమే సగటుకు ఒప్పుకోనప్పుడు, లేదా ఒకటి రెండు పెద్ద అంకెలు సగటును తమవైపు లాగేసినప్పుడు మాత్రం చిక్కు వస్తుంది.

రెండో చిక్కును ఒక ఉదాహరణలో చూడవచ్చు. అంకెలు వివరణ కోసం కల్పించినవే. ఒక ఆపరేషన్‌ను పాత పద్ధతిలో ఏడుగురికి, కొత్త పద్ధతిలో వేరే ఏడుగురికి చేశారనుకుందాం. పాత పద్ధతివారు ఆసుపత్రిలో ఉన్న రోజులు 6, 8, 9, 10, 12, 13, 14. కొత్త పద్ధతివారివి 1, 2, 3, 4, 5, 7, 46. చివరి రోగికి కుట్ల దగ్గర చీము పట్టి నెలన్నర మంచంలో ఉండాల్సి వచ్చింది. ఆసుపత్రి రోజులు, ఆదాయాలు, వైద్య ఖర్చులు తరచూ ఇలాగే ఉంటాయి. ఎక్కువమంది కింద గుమిగూడితే కొద్దిమంది ఎక్కడో పైన ఉంటారు.

పాత పద్ధతి సగటు 10.3 రోజులు, కొత్తదానిది 9.7. టి-టెస్ట్ పి-విలువ దాదాపు 0.93. అంటే తేడా ఉందనడానికి ఆధారమే లేదని తీర్పు. కానీ కొత్త పద్ధతివారిలో ఏడుగురికి ఆరుగురు వారం దాటకుండా ఇంటికి వెళ్లారు. పాత పద్ధతిలో వారంలోపు వెళ్లినవారు ఒక్కరే. ఆ ఒక్క 46 సగటును పైకి లాగింది, అంతకుమించి అంకెల చెదురును విపరీతంగా పెంచింది. టి-టెస్ట్ సగటుల తేడాను ఆ చెదురుతోనే భాగిస్తుంది కాబట్టి ఏ తేడా అయినా అందులో మునిగిపోతుంది.

ర్యాంకుల పద్ధతి ఈ పట్టు సడలిస్తుంది. పద్నాలుగు అంకెలనూ ఒకే వరుసలో చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి 1 నుంచి 14 వరకు ర్యాంకులు ఇస్తారు. 46కు దక్కేది 14వ ర్యాంకు. అది 15 అయినా 460 అయినా అదే ర్యాంకు. కొత్త పద్ధతివారి ర్యాంకులు 1, 2, 3, 4, 5, 7, 14, మొత్తం 36. ఏడుగురికి కనీసంగా రాగల మొత్తం 28. 36లోంచి దాన్ని తీసేస్తే మిగిలే 8నే 'యు' అంటారు.

ఈ 8కి సూటి అర్థం ఉంది. కొత్త పద్ధతి రోగి ఒకరినీ పాత పద్ధతి రోగి ఒకరినీ జత చేస్తే మొత్తం 49 జతలు వస్తాయి. వాటిలో కొత్త పద్ధతి రోగి ఎక్కువ రోజులు ఉన్నవి 8 మాత్రమే. మిగతా 41 జతల్లో, అంటే 84 శాతంలో, అతనే ముందు ఇంటికి వెళ్లాడు. పరిశోధన నివేదికలో పి-విలువ పక్కన ఈ శాతం కూడా రాస్తే చదివేవారికి విషయం తేలిగ్గా అందుతుంది.

పి-విలువ కూడా లెక్కపెట్టి తేల్చేదే. పద్ధతుల మధ్య తేడా లేకపోతే పద్నాలుగు ర్యాంకుల్లో ఏ ఏడైనా కొత్త గుంపుకు సమాన అవకాశంతో రావచ్చు. అలాంటి ఎంపికలు 3,432. వాటిలో యు 8 గానీ అంతకన్నా తక్కువగానీ అయ్యేవి 65. రెండు వైపులా కలిపితే 130. 130ని 3,432తో భాగిస్తే 0.038 వస్తుంది. ఆర్ ప్రోగ్రాంలో ఇంత రాస్తే చాలు:

```r
kotta <- c(1, 2, 3, 4, 5, 7, 46)
pata <- c(6, 8, 9, 10, 12, 13, 14)
wilcox.test(kotta, pata)
```

అమెరికాలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన ఫ్రాంక్ విల్కాక్సన్ 1945లో ఈ ఆలోచనను ప్రచురించారు. హెన్రీ మాన్, డొనాల్డ్ విట్నీ 1947లో గుంపుల పరిమాణాలు వేరైనా పనికొచ్చేలా విస్తరించారు. అందుకే ఒకే పరీక్షకు రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి.

మొదటి చిక్కు వరుసను మాత్రమే చెప్పే కొలతలది. నొప్పిని 'లేదు, కొద్దిగా, మోస్తరు, తీవ్రం' అని నమోదు చేసి 0, 1, 2, 3 అని అంకెలు వేస్తారు. కొద్దిపాటి నొప్పికీ మోస్తరుకూ ఉన్న దూరం, మోస్తరుకూ తీవ్రానికీ ఉన్న దూరంతో సమానమని ఎవరూ కొలవలేదు. 0, 1, 4, 10 అని వేసినా తప్పుపట్టలేం. అప్పుడు సగటులు మారతాయి, టి-టెస్ట్ ఫలితమూ మారవచ్చు. వరుస మారదు కాబట్టి ర్యాంకుల ఫలితం అలాగే ఉంటుంది. ఇక్కడ చాలామందికి ఒకే అంకె వస్తుంది. 4 నుంచి 8 వరకు స్థానాలను అయిదుగురు పంచుకుంటే అందరికీ మధ్యనున్న 6వ ర్యాంకే ఇస్తారు, జతల లెక్కలో సమానమైన జతకు అర పాయింటు వేస్తారు. సగంమందికి పైగా ఒకే అంకె దగ్గర ఉంటే తేడాను పట్టే శక్తి తగ్గుతుంది. సమాన ర్యాంకులకు సవరణ చేసే సాఫ్ట్‌వేర్‌నే వాడాలి.

అంకెలు సజావుగా ఉన్నప్పుడు ర్యాంకులు వాడితే పోయేది చాలా తక్కువ. గంట ఆకారపు విభజన ఉన్న పెద్ద నమూనాల్లో టి-టెస్ట్‌కు 95 మంది అవసరమైన చోట దీనికి సుమారు 100 మంది కావాలి. కానీ నమూనా మరీ చిన్నదైతే ఇది పూర్తిగా చేతులెత్తేస్తుంది. ముగ్గురు ముగ్గురున్న రెండు గుంపుల్లో ఎంపికలు 20 మాత్రమే. అంకెలు పూర్తిగా విడిపోయినా పి-విలువ 0.1 కన్నా దిగదు.

ఎక్కువగా జరిగే పొరపాటు ఫలితాన్ని చదవడంలో ఉంటుంది. ఈ పరీక్ష మధ్యగతాలను పోలుస్తుందని పుస్తకాల్లో సైతం రాస్తుంటారు. రెండు గుంపుల ఆకారం ఒకటే అయి, ఒకటి పక్కకు జరిగి ఉంటేనే ఆ మాట నిలుస్తుంది. మధ్యగతాలు సమానంగా ఉన్నా పి-విలువ చిన్నగా రావచ్చు. ఒక గుంపు ఇరుకుగా, మరొకటి బాగా వెడల్పుగా పరచుకుని ఉంటే, జతల్లో ఎవరిదీ పైచేయి కాకపోయినా పరీక్ష తేడా ఉందని తప్పుగా చెప్పే అవకాశం పెరుగుతుంది. గుంపుల పరిమాణాలు అసమానంగా ఉన్నప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అలాంటి చోట 2000లో వచ్చిన బ్రన్నర్–ముంజెల్ పరీక్ష మేలు. గీత గీసి ఆకారాలు చూడకుండా ఈ సంగతి తెలియదు. ఒకే రోగిని చికిత్సకు ముందూ తర్వాతా కొలిస్తే ఈ పరీక్ష అసలు వర్తించదు. దానికి విల్కాక్సన్‌దే జతల పరీక్ష వేరే ఉంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అడిగే ప్రశ్న. రోగికి కావలసింది 'నేను త్వరగా ఇంటికి వెళ్తానా' అన్నది. దానికి 84 శాతం సరైన జవాబు. వచ్చే ఏడాది ఎన్ని మంచాలు కావాలో లెక్కవేసే నిర్వాహకుడికి మొత్తం రోజులు కావాలి. పాత పద్ధతికి 72, కొత్తదానికి 68. అతనికి సగటే ముఖ్యం, ఆ 46 కూడా అంతే ముఖ్యం. ర్యాంకుల పరీక్ష తేడా ఉందన్నంత మాత్రాన మంచాల ఖర్చు తగ్గుతుందని అతను అనుకోకూడదు. అతను ఇంకా ఎక్కువమంది రోగుల వివరాలు సేకరించి సగటులనే పోల్చాలి. నమూనా పెద్దదయ్యేకొద్దీ ఓ మాదిరి వంకరను టి-టెస్ట్ తట్టుకుంటుంది. ఏ పరీక్ష చేయాలన్నది అంకెలు చేతికి రాకముందే రాసిపెట్టుకోవాలి. రెండూ చేసి పి-విలువ చిన్నగా వచ్చినదాన్ని ప్రకటిస్తే, లేని తేడాను ఉందనే అవకాశం ముందుగా ఒప్పుకున్న 5 శాతాన్ని దాటిపోతుంది.